బ్యాంకు సిగ్నేటరీలను మార్చే బోర్డు తీర్మానం: ఏ వాక్యం ఎలా రాయాలి

నేను అకౌంట్స్ పనిలో చేరిన కొత్తలో మా కంపెనీ తరఫున బ్యాంకుకు ఒక తీర్మానం తీసుకెళ్లాను. అందులో ఉన్నది ఒకే వాక్యం: "ఫలానా వారిని కంపెనీ బ్యాంకు అకౌంటుకు సిగ్నేటరీగా నియమించడమైనది." అక్కడి అధికారి అది చదివి, "మరి పాతాయన ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగారు. ఆయన ఉద్యోగం మానేశారని చెప్పాను. "మీరు చెబుతున్నారు సరే, కాగితం చెప్పడం లేదు కదండీ" అని వెనక్కి ఇచ్చేశారు. మళ్లీ బోర్డు సమావేశమయ్యేదాకా, మానేసి వెళ్లిపోయిన మనిషి సంతకం మా అకౌంటు మీద చెల్లుతూనే ఉంది. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు బ్యాంకుది కాదు, మేం రాసిన వాక్యానిది.

అందుకే ఈ తీర్మానం రాయడానికి కూర్చున్నప్పుడు కొత్తవాళ్ల పేర్లతో మొదలుపెట్టకండి. బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న మనిషికి మీ కంపెనీ గురించి ఏమీ తెలియదనుకోండి. ఆ కాగితం ఒక్కటే చదివి ఆయన నాలుగు సంగతులు తేల్చుకోగలగాలి. ఎవరి అధికారం ఎప్పటితో ఆగింది? ఎవరి అధికారం ఎప్పటినుంచి మొదలైంది? వాళ్లు విడిగా సంతకం చేస్తారా, కలిసి చేస్తారా? పాతవాళ్లు ఇప్పటికే సంతకం చేసి ఇచ్చిన చెక్కుల సంగతేమిటి? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా కాగితం తిరిగొస్తుంది. తిరిగి రాకుండా లోపలికి వెళ్లిపోతే ఇంకా ప్రమాదం.

ముందు టేబుల్ మీద పెట్టుకోవాల్సినవి

పాత తీర్మానం కాపీ తీయండి. బ్యాంకు రికార్డులో ఇప్పుడు సిగ్నేటరీలుగా ఎవరున్నారో, ఎలా సంతకం చేయాలని ఉందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఈ రెండూ చాలాసార్లు కలవవు. ఎప్పుడో చేసిన మార్పు మినిట్స్ పుస్తకంలో ఉండి బ్యాంకుకు చేరకపోవడం, లేదా బ్యాంకులో మారి మన ఫైల్లో లేకపోవడం మామూలే. రద్దు చేయబోయే తీర్మానం తేదీ కచ్చితంగా తెలియకపోతే రద్దు వాక్యం రాయలేరు.

తరువాత అకౌంటు నంబర్లన్నీ రాసుకోండి. "కంపెనీ అకౌంట్లన్నిటికీ" అని రాస్తే పని తేలికవుతుందనిపిస్తుంది. కానీ ఒకే బ్యాంకులో కరెంట్ అకౌంటు, ఓవర్‌డ్రాఫ్ట్ అకౌంటు, డిపాజిట్లు వేర్వేరుగా ఉంటే ఏది మార్చారో, ఏది మార్చలేదో ఎవరికీ అర్థం కాదు. నంబర్లే రాయండి. బ్యాంకుకు తన సొంత నమూనా ఉందేమో కూడా ఇప్పుడే అడగండి. ఉంటే ఆ నమూనాలోని మాటలనే బోర్డు ముందు పెట్టి ఆమోదించండి. మినిట్స్‌లో ఒక పాఠం, బ్యాంకుకు ఇచ్చిన కాగితంలో ఇంకో పాఠం ఉండటం అసలు తప్పులన్నిటికంటే పెద్దది. ఎందుకంటే అప్పుడు మనం "నిజ నకలు" అని సంతకం చేసింది నిజం కాదు.

ఒక కేసు తీసుకుందాం

ఒక కంపెనీకి కరెంట్ అకౌంటు ఒకటి ఉంది. 12-03-2021 నాటి బోర్డు తీర్మానం ప్రకారం ఒక డైరెక్టరు, అకౌంట్స్ మేనేజరు సిగ్నేటరీలు. ఇద్దరిలో ఎవరు ఒక్కరే సంతకం చేసినా చాలు. అకౌంట్స్ మేనేజరు 30-06-2025న ఉద్యోగం వదిలి వెళ్తున్నారు. ఆయన స్థానంలో ఫైనాన్స్ మేనేజరు వచ్చారు. ఈ సందర్భంలోనే రెండో డైరెక్టరునూ సిగ్నేటరీగా చేర్చాలని, ఇక మీద ఒంటి సంతకం వద్దని బోర్డు అనుకుంది. సమావేశం 24-06-2025న. మార్పు అమల్లోకి రావాల్సింది 01-07-2025 నుంచి.

మొదట నేపథ్యం, క్లుప్తంగా:

> కంపెనీ అకౌంట్స్ మేనేజరు శ్రీ (పూర్తి పేరు) గారు 30-06-2025 పనివేళలు ముగిసినప్పటి నుంచి కంపెనీ ఉద్యోగం నుంచి వైదొలగుతున్నందున, (బ్యాంకు పేరు, శాఖ)లో ఉన్న కంపెనీ కరెంట్ అకౌంటు నంబరు (నంబరు) నిర్వహణకు అధికారం గల సిగ్నేటరీలను మార్చవలసిన అవసరాన్ని అధ్యక్షులు బోర్డు దృష్టికి తెచ్చారు. చర్చించిన పిమ్మట బోర్డు ఈ క్రింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఇంతకంటే ఎక్కువ రాయకండి. ఆయన ఎందుకు మానేశారు, ఎవరితో పడలేదు అన్నది బ్యాంకుకు అక్కర్లేదు. అందరూ ఒప్పుకోకపోతే "ఏకగ్రీవంగా" తీసేసి "మెజారిటీతో" అని రాయాలి. అలవాటుగా వేసే మాట కాదది, అదొక వాస్తవం.

రద్దు వాక్యం: ఇక్కడ తొందరపడొద్దు

ఇంగ్లీషు తీర్మానాల్లో "ఇన్ సూపర్‌సెషన్ ఆఫ్" అనీ, "ఇన్ పార్షియల్ మాడిఫికేషన్ ఆఫ్" అనీ రెండు మాటలు కనిపిస్తాయి. మొదటిది పాతదాన్ని మొత్తం తీసేసి దాని స్థానంలో కొత్తది నిలబెడుతుంది. రెండోది పాతదాన్ని ఉంచి కొంత భాగం మారుస్తుంది. తెలుగులో వీటికి "రద్దుపరుస్తూ", "పాక్షికంగా సవరిస్తూ" అని రాస్తాం. సిగ్నేటరీల మార్పుకు నేను ఎప్పుడూ మొదటిదే వాడతాను. పాక్షిక సవరణలు రెండు మూడు పోగైతే, ఇప్పుడు ఎవరికి అధికారం ఉందో తెలియాలంటే బ్యాంకు నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవాలి. ఏదో ఒకటి ఫైల్లో దొరకదు, అక్కడే పొరపాటు జరుగుతుంది.

కానీ పూర్తి రద్దులో కూడా ఒక చిక్కు ఉంది. 2021 నాటి ఆ తీర్మానంలో సంతకాల సంగతి మాత్రమే ఉందా? అదే కాగితంలో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకునే అధికారమో, లాకరు తెరిచే అధికారమో కూడా ఇచ్చి ఉండవచ్చు. "ఆ తీర్మానాన్ని పూర్తిగా రద్దు చేయడమైనది" అంటే అవీ పోతాయి. అందుకే పాత పాఠం మొదటి నుంచి చివరిదాకా చదివి, రద్దుకు హద్దు గీయాలి:

> ఈ విషయమై బోర్డు 12-03-2021న చేసిన తీర్మానాన్ని, పైన పేర్కొన్న అకౌంటు నిర్వహణకు సంబంధించినంత వరకు, 01-07-2025 నుంచి రద్దుపరచడమైనది. శ్రీ (అకౌంట్స్ మేనేజరు పూర్తి పేరు) గారికి ఆ అకౌంటుపై గల సంతకాధికారాన్ని, ఇంటర్నెట్ బ్యాంకింగ్‌తో సహా అన్ని రకాల లావాదేవీల అధికారాన్ని 30-06-2025 పనివేళలు ముగిసినప్పటి నుంచి ఉపసంహరించడమైనది.

చూడండి, తీర్మానం రద్దు, మనిషి అధికారం ఉపసంహరణ రెండూ వేర్వేరుగా రాశాం. మొదటి వాక్యంతోనే రెండోది జరిగిపోతుందని వాదించవచ్చు. నిజమే. కానీ వెళ్లే మనిషి పేరు కాగితం మీద కనిపిస్తే బ్యాంకు అధికారికి సందేహం ఉండదు. కొనసాగుతున్న డైరెక్టరు అధికారం కూడా ఈ రద్దుతో పోతుందని మరిచిపోవద్దు. ఆయన పేరు కొత్త జాబితాలో మళ్లీ రాయాల్సిందే. "ఆయన ఎలాగూ ఉన్నారుగా" అని వదిలేసి, ఉన్న ఒక్క పాత సిగ్నేటరీని కూడా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంటర్నెట్ బ్యాంకింగ్ మాట కావాలనే పెట్టాను. సంతకం కార్డు మీద పేరు కొట్టేసినంత మాత్రాన లాగిన్ ఆగదు. బ్యాంకులో ఆ రెండు పనులూ వేర్వేరు చోట్ల జరుగుతాయి. ఒటిపి వెళ్లే మొబైల్ నంబరు వెళ్లిపోయిన మనిషిదే అయి ఉంటే, కాగితం మీద మార్పు జరిగినా డబ్బు తాళం ఇంకా ఆయన జేబులోనే ఉన్నట్టు.

క్రియ ఎలా ముగియాలి

తెలుగులో నిర్ణయం వాక్యం చివర ఉంటుంది. ఆ చివరి మాట బలహీనంగా ఉంటే తీర్మానమే బలహీనమవుతుంది. "రద్దు చేయాలని భావించడమైనది" అంటే అది ఆలోచన, నిర్ణయం కాదు. "రద్దు చేయవచ్చును" అంటే అనుమతి. "రద్దు చేయబడును" అంటే ఎవరు, ఎప్పుడు చేస్తారో తెలియని భవిష్యత్తు. "రద్దు చేయవలసిందిగా బ్యాంకు వారిని కోరడమైనది" అనేది అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. బోర్డు బ్యాంకును అడగడం లేదు, తానే నిర్ణయిస్తోంది. కోరడం, మనవి చేయడం కవరింగ్ లెటర్‌లో ఉండాల్సిన మాటలు. తీర్మానంలో "రద్దుపరచడమైనది", "అధికారం ఇవ్వడమైనది", "ఆమోదించడమైనది" అని పూర్తయిన పనిగా ముగించండి. ఒక వాక్యంలో ఒక నిర్ణయమే పెట్టండి. నాలుగు నిర్ణయాలను "మరియు"లతో కలిపి చివర ఒకే క్రియ పెడితే, అది దేనికి వర్తిస్తుందో చదివేవాళ్లు ఊహించుకోవాలి.

బ్యాంకు ఇంగ్లీషు పాఠమే కావాలంటే ప్రతి నిర్ణయానికి ముందు "రిజాల్వ్డ్ దట్" అనీ, తరువాతి వాటికి "రిజాల్వ్డ్ ఫర్దర్ దట్" అనీ వస్తాయి. మనం చివర చెప్పేది వాళ్లు మొదట చెబుతారు. క్రమం మారుతుంది కానీ నిర్ణయాల విభజన అదే ఉండాలి.

కొత్త సిగ్నేటరీలు, సంతకం చేసే పద్ధతి

హోదాతో రాయాలా, పేరుతో రాయాలా అని చాలామంది అడుగుతారు. "ఫైనాన్స్ మేనేజరు" అని హోదా మాత్రమే రాస్తే మనిషి మారినప్పుడల్లా తీర్మానం అక్కర్లేదని ఆశ. కానీ బ్యాంకు పోల్చి చూసేది ఒక మనిషి సంతకాన్ని, హోదాను కాదు. పేరు, పక్కనే హోదా, రెండూ రాయండి. పేరు గుర్తింపు పత్రంలో ఎలా ఉంటే అలాగే, ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటే పొడి అక్షరాల్లోనే రాయాలి. ఆఫీసులో అందరూ పిలిచే పేరు ఇక్కడ పనికిరాదు.

ఇక పద్ధతి. "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అనే మాట ఎక్కడో విని ఇక్కడ పెట్టేస్తుంటారు. అప్పు పత్రాల్లో ఆ మాటకు అర్థం ఉంది: అందరూ కలిసీ బాధ్యులే, ఎవరికి వారూ బాధ్యులే. కానీ చెక్కు మీద సంతకం విషయంలో "కలిసీ, విడివిడిగానూ" అంటే ఏమిటి? ఒక సంతకంతో వచ్చిన చెక్కును పాస్ చేయాలా, ఆపాలా? ఆ మాటకు తెలుగు అనువాదం కూడా వాడకండి. ఎంతమంది, ఎవరిలోంచి, ఎంత మొత్తం దాకా అన్నది అంకెల్లో చెప్పండి.

మన కేసులో డైరెక్టర్లిద్దరూ "ఎ" వర్గం, ఫైనాన్స్ మేనేజరు "బి" వర్గం.

> 01-07-2025 నుంచి పైన పేర్కొన్న అకౌంటును నిర్వహించడానికి ఈ క్రింది వారికి అధికారం ఇవ్వడమైనది:
>
> "ఎ" వర్గం: (మొదటి డైరెక్టరు పూర్తి పేరు), డైరెక్టరు, (రెండో డైరెక్టరు పూర్తి పేరు), డైరెక్టరు.
>
> "బి" వర్గం: (ఫైనాన్స్ మేనేజరు పూర్తి పేరు), ఫైనాన్స్ మేనేజరు.
>
> ఒక్కో లావాదేవీ మొత్తం (కరెన్సీ పేరు) 5,00,000 (అక్షరాలా ఐదు లక్షలు) మించనప్పుడు, "ఎ" వర్గంలో ఎవరైనా ఒకరు, "బి" వర్గంలోని వారు కలిసి సంతకం చేయాలి. లేదా "ఎ" వర్గంలోని ఇద్దరూ కలిసి సంతకం చేయాలి. ఆ మొత్తం మించినప్పుడు "ఎ" వర్గంలోని ఇద్దరూ కలిసి సంతకం చేయాలి. ఏ సందర్భంలోనూ ఒక్కరి సంతకం చెల్లదు.

రాసిన తరువాత ఈ పేరాకు పరీక్ష పెట్టండి. సరిగ్గా 5,00,000 చెక్కు వస్తే? "మించనప్పుడు" అన్నాం కాబట్టి మొదటి పద్ధతి వర్తిస్తుంది. "లోపు" అని ఒకచోట, "పైన" అని ఇంకోచోట రాసి ఉంటే సరిగ్గా ఆ మొత్తం ఎటూ కాకుండా పోయేది. ఫైనాన్స్ మేనేజరు సెలవులో ఉంటే? డైరెక్టర్లిద్దరూ చేయవచ్చు. ఒక డైరెక్టరు ఊళ్లో లేకపోతే? చిన్న చెల్లింపులు సాగుతాయి, పెద్దవి ఆగుతాయి. అది బోర్డు కావాలని ఒప్పుకున్న ఇబ్బందే అయితే సరే. కాకపోతే ఈ సమావేశంలోనే "ఎ" వర్గంలో మూడో పేరు చేర్చి, "ఇద్దరూ" అన్నచోట "ఏ ఇద్దరైనా" అని మార్చడం మంచిది.

"అకౌంటును నిర్వహించడం" అంటే ఏమేమిటో కూడా ఒక పేరాలో చెప్పాలి:

> పై అధికారం చెక్కులపై, చెల్లింపు ఆదేశాలపై, నిధుల బదిలీ పత్రాలపై సంతకం చేయడానికి, ఇంటర్నెట్ బ్యాంకింగ్‌లో చెల్లింపులను నమోదు చేసి ఆమోదించడానికి, స్టేట్‌మెంట్లు, చెక్కుబుక్కులు పొందడానికి వర్తిస్తుంది. అప్పు తీసుకోవడానికి, గ్యారంటీ ఇవ్వడానికి, కంపెనీ ఆస్తిని తాకట్టు పెట్టడానికి, కొత్త అకౌంటు తెరవడానికి వర్తించదు.

"బ్యాంకుకు సంబంధించిన అన్ని పనులూ" అనే మాట చూడడానికి నిండుగా ఉంటుంది. దాంతోనే ఒకరు కంపెనీ పేరు మీద అప్పు తెచ్చే దారి కూడా తెరుచుకుంటుంది. "వర్తించదు" అనే వాక్యం అందుకే. ఇంటర్నెట్ బ్యాంకింగ్‌లో నమోదు ఒకరు, ఆమోదం ఇంకొకరు చేసేలా బ్యాంకు సెట్ చేయాలి. కాగితం మీద రెండు సంతకాలు పెట్టించి ఆన్‌లైన్‌లో ఒకే లాగిన్‌తో డబ్బు పంపగలిగితే పై పేరా అంతా వృథా.

మధ్యలో చిక్కుకున్న చెక్కులు

అకౌంట్స్ మేనేజరు జూన్ 20న సంతకం చేసి ఇచ్చిన చెక్కు జూలై 5న బ్యాంకుకు వచ్చిందనుకోండి. చెక్కు మీద తేదీ నాటికి ఆయనకు అధికారం ఉంది. కానీ బ్యాంకు రికార్డులో ఇప్పుడు ఆయన లేరు. ఏమీ రాయకపోతే చెక్కు తిరిగిపోవచ్చు, పాపం తీసుకున్నవాళ్లకు ఇబ్బంది. "ఇంతకు ముందు సంతకం చేసిన చెక్కులన్నీ చెల్లుతాయి" అని బార్లా తెరిస్తే, వెళ్లిపోయిన మనిషి పాత తేదీ వేసి రాసే చెక్కు కూడా చెల్లుతుంది. మధ్యేమార్గం నంబర్లు రాయడం:

> అనుబంధం-1లో నంబరు, తేదీ, మొత్తం, గ్రహీత పేరుతో పేర్కొన్న, 30-06-2025 నాటికి చెల్లింపు కాకుండా ఉన్న చెక్కులను, పూర్వపు సిగ్నేటరీల సంతకంతోనే చెల్లించడానికి ఆమోదం తెలపడమైనది. ఆ అనుబంధంలో లేని, పూర్వపు సంతకాధికార పద్ధతిలో జారీ అయిన ఏ చెక్కునూ 01-07-2025 నుంచి చెల్లించరాదని నిర్ణయించడమైనది.

చెక్కుబుక్కులోని కౌంటర్‌ఫాయిల్స్‌ను స్టేట్‌మెంటుతో పోల్చితే ఈ జాబితా తయారవుతుంది. ఆయన దగ్గర మిగిలిన ఖాళీ చెక్కు ఆకులను కూడా అదే రోజు లెక్కపెట్టి తీసుకోండి. రాబోయే తేదీలు వేసి ఇచ్చిన చెక్కులు, నెలనెలా ఆటోమేటిక్‌గా వెళ్లే చెల్లింపులు ఉంటే వాటినీ చూసుకోండి.

చివరి పేరాలు

> ఈ తీర్మానం నిజ నకలును బ్యాంకుకు అందజేయడానికి, అవసరమైన పత్రాలపై సంతకం చేయడానికి (పేరు, హోదా) గారికి అధికారం ఇవ్వడమైనది. దీనిని మార్చే లేదా రద్దుచేసే తదుపరి తీర్మానం నిజ నకలు బ్యాంకుకు రాతపూర్వకంగా అందే వరకు, ఈ తీర్మానం అమల్లో ఉన్నట్లుగా బ్యాంకు భావించవచ్చునని అంగీకరించడమైనది.

ఈ రెండో వాక్యం బ్యాంకులు సాధారణంగా అడుగుతాయి. దాని అర్థం గ్రహించి సంతకం పెట్టండి: బోర్డు నిర్ణయించిన క్షణంలో కాదు, కాగితం బ్యాంకుకు చేరిన క్షణంలోనే పాత అధికారం బ్యాంకు వరకు ఆగుతుంది. అందుకే 24న తీర్మానమైతే 30లోపు అందజేయాలి. మనిషి గొడవపడి వెళ్తున్నాడు, బోర్డు కూర్చోవడానికి ఇంకా టైమ్ పడుతుంది అనుకుంటే, ముందు బ్యాంకుకు ఒక లేఖ రాసి ఆయన సంతకం మీద చెల్లింపులు ఆపమని చెప్పండి. తీర్మానం తరువాత పంపుతామని అందులోనే రాయండి.

నిజ నకలు కంపెనీ లెటర్‌హెడ్ మీద తీయాలి. పైన "(కంపెనీ పేరు) డైరెక్టర్ల బోర్డు 24-06-2025న (స్థలం)లో నిర్వహించిన సమావేశంలో ఆమోదించిన తీర్మానం యొక్క నిజ నకలు" అని శీర్షిక. దాని కింద నేపథ్యం పేరా, తీర్మానం పాఠం అక్షరం మారకుండా ఉండాలి; "పైన పేర్కొన్న అకౌంటు" నంబరు ఉన్నది నేపథ్యం పేరాలోనే. చివర, "పై తీర్మానం కోరం ఉన్న సమావేశంలో సక్రమంగా ఆమోదం పొందినదని, నేటివరకు సవరణ గానీ రద్దు గానీ కాలేదని ధ్రువీకరిస్తున్నాను" అని రాసి, కంపెనీ సెక్రటరీ లేదా ఒక డైరెక్టరు పేరు, హోదా, తేదీతో సంతకం చేయాలి. కొత్తగా అధికారం పొందిన మనిషే తన అధికారాన్ని తానే ధ్రువీకరించకపోతే మేలు. సిగ్నేటరీలు కానివాళ్లు ఎవరూ లేని చిన్న కంపెనీలో మరో డైరెక్టరు సంతకం కూడా తోడుంటే సాధారణంగా బ్యాంకుకు అభ్యంతరం ఉండదు. ఒకటి కంటే ఎక్కువ పేజీలు వస్తే ప్రతి పేజీ మీదా, అనుబంధం మీద కూడా సంతకం ఉండాలి. కొత్తవాళ్ల నమూనా సంతకాలు రోజూ వాడే పెన్నుతో, రోజూ చేసే పద్ధతిలోనే చేయించండి. ఆరోజు ప్రత్యేకంగా అందంగా పెట్టిన సంతకం తరువాత చెక్కు మీద సంతకంతో కలవదు.

కాగితాలు ఇచ్చేటప్పుడు ఆఫీసు కాపీ మీద తేదీతో బ్యాంకు రసీదు ముద్ర వేయించుకోండి. రెండు రోజుల తరువాత మూడు సంగతులు తేల్చుకోవాలి: సిగ్నేటరీల జాబితా మారినట్టు బ్యాంకు నుంచి లేఖ లేదా ఇమెయిల్ వచ్చిందా, పాత లాగిన్ పనిచేయడం మానేసిందా, ఒటిపి కొత్త నంబరుకు వెళ్తోందా. తరువాత కొత్త పద్ధతిలో రెండు సంతకాలతో ఒక చిన్న మొత్తానికి చెక్కు రాసి పంపండి. అది పాస్ అయ్యాక ఆ రసీదు కాపీని, బ్యాంకు లేఖను మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం పక్కనే పెట్టేయండి. రేపు ఇంకొకరు మారినప్పుడు, రద్దు చేయాల్సిన తీర్మానం తేదీ కోసం వెతికేవాళ్లు మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే.